బడ్జీ ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి: ఈకలు రాలుస్తోందా, జబ్బు చేసిందా?

చిన్నిపచ్చ
నమస్కారమండీ. మా ఇంట్లో రెండు బడ్జీలు ఉన్నాయి. పచ్చది మగది, వాడి పేరు చింటూ, రెండేళ్ళు దాటాయి. నీలం రంగుది ఆడది. ఈమధ్య చింటూ బాగా ఈకలు రాలుస్తున్నాడు, పంజరం అడుగున రోజూ చిన్నచిన్న ఈకలు కనిపిస్తున్నాయి, తల మీద తెల్లటి ముళ్ళలాంటివి లేచాయి. అది మోల్టింగేనని నాకూ తెలుసు, పోయినసారి కూడా ఇలాగే అయింది. కానీ ఈసారి ఒళ్ళంతా ఉబ్బించుకుని కూర్చుంటున్నాడు, పాట తగ్గింది. తిండి మాత్రం బాగానే తింటున్నట్టున్నాడు, ఎప్పుడు చూసినా గిన్నె దగ్గరే ఉంటాడు. మూడు ఫొటోలు పెట్టాను. మొదటిది పక్క నుంచి, రెండోది ముఖం దగ్గరగా, మూడోది వెనక నుంచి. ఇది మామూలేనా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలా? రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది.

రెక్కలరాజు
కంగారు పడకండి, ఇది నూటికి నూరు పాళ్ళు మోల్టింగే. రెండో ఫొటోలో తల నిండా పిన్ ఫెదర్స్, అంటే ఇంకా తొడుగులోనే ఉన్న కొత్త ఈకలు, కనిపిస్తున్నాయి కదా, ఇంకేం కావాలి. ఈకలు కొత్తగా వచ్చేటప్పుడు పక్షి నీరసంగానే ఉంటుంది, ఒళ్ళంతా గుచ్చుకున్నట్టుండి చిరాకు పడుతుంది, ముట్టుకోనివ్వదు. ఈకంటేనే ప్రోటీన్ కదా, కాబట్టి ఉడికించిన గుడ్డు కొంచెం పెట్టండి, వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పెడితే స్నానం చేస్తాడు, ఆ తొడుగులు మెత్తబడి ఊడిపోతాయి. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. నా దగ్గర ఎన్ని పక్షులకో చూశాను ఇది.

చిన్నిపచ్చ
థాంక్సండీ, కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. గుడ్డు ఇవాళే పెడతాను.

గూటిమనిషి
చిన్నిపచ్చ గారూ, ఒక్క నిమిషం ఆగండి. రాజు గారు చెప్పినదాంట్లో తప్పు లేదు, మోల్టింగ్ జరుగుతోంది, అది ఫొటోలో స్పష్టంగా ఉంది. కానీ తల మీద మొలకలు ఎందుకున్నాయో మోల్టింగ్ చెబుతుంది, వాడు అలా ఎందుకు కూర్చున్నాడో చెప్పదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. మోల్టింగ్‌లో ఉన్న పక్షికి జబ్బు రాకూడదని లేదు కదా. నిజానికి ఒంట్లో బాగాలేని పక్షిని ఆలస్యంగా తీసుకురావడానికి నేను ఎక్కువగా విన్న కారణం ఇదే, "ఈకలు రాలుస్తోంది కదా, అందుకే డల్‌గా ఉందనుకున్నాం" అని. పక్షుల క్లినిక్‌లో సహాయకుడిగా చాలా కాలం పని చేశాను కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

మొదటి ఫొటో మళ్ళీ చూడండి. ముందు కాళ్ళు చూడండి. రెండు కాళ్ళూ కర్ర మీదే ఉన్నాయి, పొట్ట దాదాపు కర్రకు ఆనుతోంది, ఒళ్ళు ఉబ్బి గుండ్రంగా ఉంది, కన్ను సగం మూసి ఉంది. హాయిగా నిద్రపోయే బడ్జీ కూడా ఒళ్ళు ఉబ్బించుకుంటుంది, కాకపోతే అది సాధారణంగా ఒక కాలు పైకి ముడుచుకుంటుంది, చాలాసార్లు తల వెనక్కి తిప్పి వీపు ఈకల్లో పెట్టుకుంటుంది. ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయే పక్షికి బ్యాలెన్స్ ఉన్నట్టు, కండలో ఓపిక ఉన్నట్టు. రెండు కాళ్ళతో కర్రను పట్టుకుని, తల ముందుకే ఉంచి, పట్టపగలు కళ్ళు మూస్తుంటే నాకు అనుమానం వస్తుంది. ఇది ఒక్కటే చూసి జబ్బు అని చెప్పేయను, కొన్ని ఆరోగ్యమైన పక్షులూ ఒక్కోసారి రెండు కాళ్ళ మీదే కునుకు తీస్తాయి. ఫొటో ఏ టైంలో తీశారు? గదిలో చలిగా ఉందా?

చిన్నిపచ్చ
ఉదయం పదకొండింటికండీ. చలేం లేదు. ఆడది పక్కనే మామూలుగా ఆడుకుంటోంది, దాని ఈకలు ఒంటికి అంటుకునే ఉన్నాయి.

గూటిమనిషి
మీకు తెలియకుండానే మంచి ఆధారం ఇచ్చారు. ఒకే గది, ఒకే వేడి, ఒకే గాలి. పక్షి ఈకలు ఉబ్బించేది వాటి మధ్య గాలి నిలిచి ఒంటి వేడి పోకుండా ఉండడానికి. పక్కనున్న దానికి చలి లేనప్పుడు వీడికి మాత్రమే చలేస్తోందంటే, వీడి ఒంట్లో వేడి తయారవడానికి కావలసిన శక్తి సరిపోవడం లేదేమో. ఇంకో జంట పక్షి ఉన్నవాళ్ళు ఎప్పుడూ రెండిటినీ ఒకే ఫ్రేమ్‌లో వచ్చేలా ఫొటో తీయండి, అది చెప్పే విషయం ఒంటరి ఫొటో చెప్పలేదు.

టీలూ_వాళ్ళ_నాన్న
మంచి టాపిక్. మా కాకటీల్‌కి తల మీద కుచ్చు వెనక ఈకలు అసలు లేవు, గుండ్రంగా బట్టతలలా చర్మం కనిపిస్తోంది. ఇది పసుపు రంగు లూటినో. ఇది కూడా మోల్టింగేనా? కొన్నప్పటి నుంచి ఉంది. రోజూ ఫొటో తీసి పోలుస్తున్నాను, ఏమీ మొలవడం లేదు.

రెక్కలరాజు
నాన్న గారూ, అది మైట్స్ అయ్యుంటుంది, స్ప్రే కొట్టండి.

గూటిమనిషి
వద్దండీ, స్ప్రే కొట్టకండి. లూటినో కాకటీల్స్‌లో కుచ్చు వెనక బట్టతల వంశంలోనే వస్తుంది, చాలావాటికి ఉంటుంది. కొన్నప్పటి నుంచి అదే సైజులో ఉండి, చర్మం నున్నగా, ఎర్రదనం, పొలుసులు లేకుండా ఉంటే దాని జోలికి వెళ్ళకండి. పెద్దదవుతున్నా, గోక్కుంటున్నా, పక్కన కూడా ఈకలు పోతున్నా అప్పుడు వేరే సంగతి, విడిగా టాపిక్ పెట్టండి, తప్పకుండా చూస్తాను. ఒక్కటి మాత్రం అందరూ గుర్తుంచుకోండి, మామూలు మోల్టింగ్‌లో చర్మం కనిపించేంత ఖాళీ పడదు. పాత ఈక ఊడేలోపు కొత్తది కింద నుంచి తోసుకొస్తుంది, ఒంటికి రెండు వైపులా దాదాపు ఒకేలా జరుగుతుంది. బట్టతల కనిపిస్తే మోల్టింగ్ అని సరిపెట్టుకోకూడదు, అది లూటినో లాంటి ప్రత్యేక సందర్భం అయితే తప్ప.

నీలిగువ్వ
నాకొక సందేహం. చింటూ గుడ్డు పెట్టడానికి ఇబ్బంది పడుతున్నాడేమో? అలా పొట్ట కిందికి జారి కూర్చోవడం నేను గుడ్డు ఇరుక్కున్న పక్షిలో చూశాను. పిల్లలకి మగదో ఆడదో తెలియక పేరు పెట్టేస్తుంటారు.

గూటిమనిషి
మంచి ప్రశ్న. గుడ్డు ఇరుక్కున్నప్పుడు కూర్చునే తీరు ఇలాగే ఉంటుంది, కాళ్ళు ఎడంగా పెట్టి, తోక కదుపుతూ, ఎక్కువగా పంజరం అడుగున కూర్చుంటుంది. అయితే రెండో ఫొటోలో ముక్కుపుటాల చుట్టూ ఉన్న మెత్తటి భాగం చూడండి, అంతా ఒకే నీలం, మధ్యలో తెల్లటి వలయం లేదు. ఇంత వయసున్న పచ్చ బడ్జీలో అది మగదే. ఇక్కడ ఆ భయం లేదు. పూర్తి పసుపు, తెలుపు పక్షుల్లో ఈ రంగు లెక్క కుదరదు, వాటి మగవి గులాబీ ఊదాగా ఉండిపోతాయి. ఇంకో మాట, మగ బడ్జీకి ఈ నీలం మెల్లగా గోధుమరంగులోకి మారుతుంటే వృషణాల గడ్డ ఉందేమో చూడమంటారు. చింటూకి ఆ మార్పేమీ లేదు.

లెన్సుపిట్ట
నేను పక్షులను పెంచను కానీ ఫొటోలు తీస్తాను. రంగు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మొదటి ఫొటో పసుపు బల్బు కింద తీసినట్టుంది, గోడ కూడా పచ్చగా కనబడుతోంది. ఇలాంటి వెలుగులో నీలం బూడిదగా, తెలుపు మురికిగా కనిపిస్తుంది. ఫోను మెత్తటి ఈకల అంచుల్ని తనే చెరిపేసి నున్నగా చేస్తుంది కాబట్టి, ఈకలు చెదిరి ఉన్నాయా లేదా అనేది దూరం నుంచి జూమ్ చేసిన ఫొటోలో నమ్మడం కష్టం. ఫ్లాష్ తీసేసి, కిటికీ పక్కన వెలుగులో, పక్కనే తెల్ల కాగితం పెట్టి తీస్తే రంగు పోల్చుకోవచ్చు. ఇది నిపుణులకి ఉపయోగపడుతుందా?

గూటిమనిషి
చాలా ఉపయోగపడుతుంది, ఇకపై ఫొటో పెట్టేవాళ్ళంతా తెల్ల కాగితం పెట్టండి. దానికన్నా పెద్ద సమస్య ఒకటుంది. మనం ఫోను పట్టుకుని దగ్గరికి వెళ్ళగానే పక్షి ఉలిక్కిపడి ఈకలు సర్దుకుని, కళ్ళు తెరిచి, నిటారుగా కూర్చుంటుంది. బలహీనంగా కనిపిస్తే వేటాడే జంతువు కంట పడతానన్న భయం వాటి నరనరాల్లో ఉంది. కాబట్టి ఫొటోలో హుషారుగా కనిపించిన పక్షి ఆరోగ్యంగా ఉందని అనుకోలేం. ఫొటోలోనూ నీరసంగానే కనిపిస్తే మాత్రం నేను సీరియస్‌గా తీసుకుంటాను, ఎందుకంటే దాచుకునే ఓపిక కూడా లేదన్నమాట. చిన్నిపచ్చ గారూ, ఫోను ఎక్కడైనా ఆనించి పెట్టి, మీరు గది బయటికి వెళ్ళి, అరగంట వీడియో తీయగలరా? తోక కొన కనిపించేలా పక్క నుంచి. అలాగే మూడో ఫొటోని కాస్త దగ్గరగా మళ్ళీ తీసి పెట్టండి, తోక కింద, రెట్ట వేసే చోట ఈకలు తడిగా అంటుకున్నట్టున్నాయి, అది నీడో, మురికో తెలియడం లేదు.

చిన్నిపచ్చ
వీడియో పెట్టాను. ఇంకో మూడు ఫొటోలు కూడా పెట్టాను, కిటికీ దగ్గర, తెల్ల కాగితంతో. ఒక ఫొటోలో రెక్క చాపాడు, అది పెట్టడం మంచిదనిపించింది. మీరన్నట్టు నేను దగ్గరికి వెళ్ళినప్పుడు నిజంగా ఒళ్ళు తగ్గించుకుని చూస్తున్నాడు.

రెక్కలరాజు
చూశాను. రెక్క ఈకల మీద అడ్డంగా గీతలున్నాయి చూడండి, దాన్ని స్ట్రెస్ బార్స్ అంటారు. అంటే ఇప్పుడు పక్షి స్ట్రెస్‌లో ఉందని అర్థం. ఆడ పక్షి తరుముతోందేమో, పంజరాలు వేరు చేయండి, తగ్గిపోతుంది. నేను చెప్పింది మోల్టింగ్‌తో పాటు స్ట్రెస్, అంతే.

గూటిమనిషి
రాజు గారూ, గీతలు మీరు బాగా పట్టుకున్నారు, నేను వాటిని మొదట చూడనే లేదు. కానీ వాటి అర్థం ఇంకోలా ఉంటుంది. ఆ గీత ఈక మొలుస్తున్నప్పుడు, ఆ మొలిచే చోట ఆహారం అందకో, జ్వరం లాంటిది వచ్చో, భయానికో ఒక సన్నని వరుస సరిగా కట్టుకోకపోతే పడుతుంది. ఈక పూర్తయ్యాక అది చనిపోయిన పదార్థమే, దాని మీద కొత్త గీత రాదు. అంటే మనం చూస్తున్నది ఇవాళ్టి స్ట్రెస్ కాదు, ఆ ఈక ఆ భాగం మొలుస్తున్న రోజుల్లో ఏదో జరిగిందన్న గుర్తు. పక్కపక్క ఈకల్లో ఒకే ఎత్తులో గీత ఉంటే అవి ఒకే సమయంలో మొలిచినవి, ఒకే కష్టాన్ని చూశాయన్నమాట. ఈ ఫొటోలో గీతలు ఈక కొన వైపు ఉన్నాయి, ఆ తర్వాత మొలిచిన భాగం బాగుంది, కాబట్టి అది పాత సంగతే. ఒకటి రెండు గీతలు చాలా పక్షుల్లో ఉంటాయి, వాటిని బట్టి ఎక్కువ ఊహించుకోను.

ఇప్పుడు అసలు విషయాలు. వీడియోలో ఆరో నిమిషం నుంచి చూడండి. వాడు కదలకుండా కూర్చున్నాడు, తోక ప్రతి శ్వాసకీ కిందికీ పైకీ ఊగుతోంది. ఎగిరొచ్చిన వెంటనేనో, పాడుతున్నప్పుడో కాస్త ఊగితే పట్టించుకోను. విశ్రాంతిగా కూర్చుని అరగంట సేపు అలా ఊగితే ఊపిరి తీసుకోవడానికి అదనంగా కష్టపడుతున్నట్టు. నిశ్చలమైన ఫొటోలో ఇది కనిపించదు, తోక కొన కొంచెం మసకగా పడుతుంది, అంతే.

రెండోది, కొత్త ఫొటోలో మెడ కింద, రెక్క పైన భుజం మీద చూడండి. తల మీదలాగే అక్కడ కూడా విచ్చుకోని పిన్ ఫెదర్స్ చాలా ఉన్నాయి. తల మీద ఉండడం మామూలే, తన ముక్కు తన తలకు అందదు, జంట పక్షి దువ్వాలి లేదా కర్రకి రుద్దుకోవాలి. కానీ భుజానికీ, ఎదకీ ముక్కు బాగా అందుతుంది. అక్కడ తొడుగులు అలాగే మిగిలాయంటే వాడు తన ఒళ్ళు తాను సర్దుకోవడం మానేశాడు. మోల్టింగ్‌లో ఉన్న ఆరోగ్యమైన పక్షి రోజంతా అదే పనిగా ఈకలు దువ్వుకుంటూ ఉంటుంది. నాకు ఈ ఫొటోల్లో అన్నిటికన్నా బలంగా కనిపించిన గుర్తు ఇదే.

మూడోది, తోక కింద మురికి. అది నీడ కాదు, తడి, పచ్చగా అంటుకుని ఉంది. రెట్టల ఫొటో కావాలి, తెల్ల కాగితం అడుగున పరిచి రెండు గంటల తర్వాత తీయండి. వంటింటి తూకం ఏదైనా ఉంటే బరువు చూడండి, ఒక్కో గ్రాము చూపించేది. చిన్న డబ్బాలో పెట్టి తూచి, డబ్బా బరువు తీసేయండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం ఇప్పుడే తీసుకోండి, తూకం కోసం ఆగకండి.

నీలిగువ్వ
తూకం సంగతి ఫొటోలో తెలియదా? వాడు చూడడానికి గుండ్రంగా, లావుగానే ఉన్నాడు కదా.

గూటిమనిషి
అందుకే తూకం. ఉబ్బిన ఈకల కింద చిక్కిపోయిన ఒళ్ళు దాక్కుంటుంది. ఫొటోలో లావుగా కనిపించే పక్షి చేతిలోకి తీసుకుంటే ఎదురొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతుంది. ఎదురొమ్ము మీద వేలు పెట్టి చూస్తే ఆ ఎముకకు రెండు వైపులా కండ నిండుగా ఉండాలి. ఫొటో చూసి బరువు చెప్పేవాళ్ళని నేను నమ్మను.

చిన్నిపచ్చ
తూచాను. చింటూ 28 గ్రాములు. ఆడది 37. ఇంతకుముందు ఎప్పుడూ తూచలేదు, కాబట్టి ఎంత తగ్గాడో తెలియదు. మీరు చెప్పినట్టు ఎముక తగులుతోంది, నేను చాలా భయపడ్డాను. రెట్టల ఫొటో పెట్టాను. కొన్నిటిలో గింజలు గింజలుగానే ఉన్నాయి. గిన్నె దగ్గర రోజంతా ఉన్నవాడు ఎలా చిక్కిపోతాడు? అపాయింట్‌మెంట్ రేపు పొద్దున్నే దొరికింది.

గూటిమనిషి
మామూలు సైజు బడ్జీ 30 నుంచి 40 గ్రాముల మధ్యలో ఉంటుంది, ఎముక తగులుతూ 28 అంటే తక్కువే. మీ ప్రశ్నకి జవాబు రెట్టల్లోనే ఉంది. గిన్నె దగ్గర ఉండడం, గింజలు నమలడం, పొట్టు తీయడం, ఇవన్నీ చేయడమూ, తిండి ఒంటికి పట్టడమూ ఒకటి కాదు. జీర్ణం కాని గింజలు రెట్టల్లో వస్తున్నాయి, తింటున్నాడు కానీ ఒంటికి పట్టడం లేదు. పొట్టను దెబ్బతీసే ఒక రకం ఈస్ట్ బడ్జీల్లో బాగా కనిపిస్తుంది, మాక్రోరాబ్డస్ అంటారు, మెగాబాక్టీరియా అనే పాత పేరు కూడా వింటుంటారు. అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, జీర్ణం కాని గింజలు రావడానికి వేరే కారణాలూ ఉన్నాయి. రేపు డాక్టర్‌కి రెట్టను మైక్రోస్కోప్ కింద చూడమని అడగండి, తాజాది కావాలి, ఎండినది పనికిరాదు. ఫొటోలూ వీడియో ఫోనులోనే చూపించండి, ఎందుకంటే క్లినిక్ బల్ల మీద వాడు హుషారుగా నటిస్తాడు.

ఈ రాత్రికి పంజరంలో ఒక వైపు మాత్రమే వెచ్చగా, 28 నుంచి 30 డిగ్రీలు ఉండేలా చూడండి. రెండో వైపు చల్లగానే ఉండాలి, ఎక్కువైతే తనే పక్కకి జరగగలగాలి. వెచ్చదనం ఎక్కువైతే నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెడతాడు, అది చూడగానే తగ్గించండి. తిండీ నీళ్ళూ కర్ర పక్కనే, ఎక్కకుండా దిగకుండా అందేలా పెట్టండి.

రెక్కలరాజు
నాకో సలహా ఉంది. ఈలోపు నీళ్ళలో టెట్రాసైక్లిన్ పొడి కలపండి, షాపులో దొరుకుతుంది, చాలామంది అదే వాడతారు.

గూటిమనిషి
రాజు గారూ, ఇది మాత్రం దయచేసి వద్దు. ఒంట్లో బాగాలేని బడ్జీ ఎన్ని నీళ్ళు తాగుతుందో తెలియదు, కాబట్టి ఎంత మందు లోపలికి వెళ్ళిందో కూడా తెలియదు. రుచి మారితే ఆ కొంచెం తాగడం కూడా మానేస్తుంది. ఈస్ట్ అయితే యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు. రేపు పొద్దున్నే డాక్టర్ ఉన్నాడు కదా.

రెక్కలరాజు
సరే అండీ, అది డాక్టర్ చేతికే వదిలేద్దాం. నేను మోల్టింగ్ అన్నది మాత్రం తప్పు కాదు కదా?

గూటిమనిషి
కాదు, వాడు మోల్టింగ్‌లోనే ఉన్నాడు. గుడ్డు సలహా కూడా మంచిదే, మామూలు మోల్టింగ్‌కి. ఇప్పటికి కొత్త తిండి వద్దు, వాడికి అలవాటైన గింజలే పెట్టాలి.

టీలూ_వాళ్ళ_నాన్న
నాకు ఇంకో సందేహం వచ్చింది. మా టీలూ ఒక్కోసారి ఈకలు ఒంటికి అంటించుకుని సన్నగా, నిటారుగా, కుచ్చు పూర్తిగా లేపి ఉంటాడు. ఫొటోలో చాలా స్మార్ట్‌గా ఉంటాడు, ప్రొఫైల్ పిక్చర్‌గా కూడా పెట్టుకున్నాను. అది జబ్బు లక్షణమా?

లెన్సుపిట్ట
అది భయపడ్డ ఫొటో అనుకుంటున్నాను. నేను పక్షులను తీసేటప్పుడు కెమెరా ఎత్తగానే ఇలాగే సన్నబడి నిలబడతాయి, కాసేపు కదలకుండా ఉంటే మళ్ళీ వదులవుతాయి.

గూటిమనిషి
అవును, జబ్బు కాదు. ఉలిక్కిపడితే కుచ్చు నిటారుగా లేస్తుంది, ఒళ్ళు సన్నబడుతుంది. కుచ్చు తలకి అంటుకుపోయి, ముక్కు తెరిచి, ఉస్సుమంటుంటే కోపమో, బాగా ఎక్కువ భయమో. హాయిగా ఉన్నప్పుడు కుచ్చు కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. ఫొటో తీసిన ప్రతిసారీ అదే భంగిమ వస్తుంటే అది కెమెరాకు భయపడుతోందేమో చూడండి.

చిన్నిపచ్చ
డాక్టర్ దగ్గరి నుంచి ఇప్పుడే వచ్చాం. రెట్టను అక్కడే మైక్రోస్కోప్ కింద చూశారు, మాక్రోరాబ్డస్ పొడవాటి కడ్డీల్లా చాలా ఉన్నాయట, నాకూ చూపించారు. యాంఫోటెరిసిన్ బి ఇచ్చారు, నోట్లో వేయాలి, రోజుకి రెండుసార్లు, కొన్ని వారాల పాటు. ఊపిరి కష్టం గురించి స్పష్టంగా చెప్పలేదు. ఎక్స్‌రే తీయాలంటే మత్తు ఇవ్వాలి, ఈ బరువులో మత్తు ప్రమాదం, ముందు బరువు పెరగనిద్దాం అన్నారు. బలహీనంగా ఉండి అలా ఊపిరి తీస్తున్నాడేమో, లేదా పొట్ట ఉబ్బి ఊపిరితిత్తుల చుట్టూ గాలి సంచుల మీద ఒత్తుతోందేమో అన్నారు. ఆడదాన్ని కూడా పరీక్ష చేశారు, దాని రెట్టలో ఏమీ కనబడలేదు.

గూటిమనిషి గారూ, ఆడదానికి మందు అవసరమా? డాక్టర్ మళ్ళీ పరీక్షకి తెమ్మన్నారు, ఇప్పటికి మందు వద్దన్నారు.

గూటిమనిషి
మంచి డాక్టర్ దొరికారు. ఈ ఈస్ట్ రెట్టలో రోజూ రాదు, ఒక రోజు కనబడి, ఇంకో రోజు కనబడదు. అందుకే ఒక్క పరీక్షలో ఏమీ లేదంటే లేనే లేదని కాదు, మళ్ళీ మళ్ళీ చూడాలి. నేను అయితే ఇద్దరినీ వేరు చేసి ఉంచి, దాన్ని రోజూ తూచి రాసుకుంటాను. మందు ఇవ్వాలా వద్దా అనేదాంట్లో అందరి అభిప్రాయం ఒకటి కాదు, కొందరు డాక్టర్లు జంటలో రెండిటికీ ఇస్తారు, కొందరు కనబడ్డాకే ఇస్తారు. మీ డాక్టర్ చేత్తో పట్టుకుని చూశారు, నేను ఫొటోలు చూశాను, ఆయన మాటే వినండి.

చింటూని తూచేటప్పుడు రోజూ పొద్దున్న తిండికి ముందే తూచండి. ఒంటి బరువులో పదో వంతు పడిపోతే వెంటనే ఫోన్ చేయాలి. ఈ బరువులో అది మూడు గ్రాముల లోపే, చూపుతో పట్టలేరు.

నీలిగువ్వ
ఇక్కడ నేర్చుకున్నదాన్ని బట్టి మా పక్షుల పాత ఫొటోలన్నీ తీసి చూస్తున్నాను. ఒకదాని ఛాతీ మీద ఈకలు తెగి, తల మీద మాత్రం ఒక్క ఈక కూడా చెడిపోకుండా ఉంది. ఇది పీక్కోవడమేనా?

గూటిమనిషి
తన ముక్కు అందే చోట దెబ్బ తిని, అందని తల మాత్రం బాగుంటే ముందు తానే పీక్కుంటోందని అనుకోవాలి. తల మీద కూడా పోతే ఇంకో పక్షి పీకుతోందనో, వైరస్ లాంటి జబ్బనో అనుకోవాలి. కానీ ఎందుకు పీక్కుంటోందో ఆ ఫొటో చెప్పదు, దురద, నొప్పి, విసుగు, పంజరంలో ఏదైనా మార్పు, ఇలా చాలా ఉంటాయి. కొత్త టాపిక్ పెట్టండి, పంజరం ఫొటో కూడా జత చేయండి.

చిన్నిపచ్చ
మందు మొదలుపెట్టిన కొన్నాళ్ళకి ఒక చిన్న అప్‌డేట్. బరువు 30కి వచ్చింది. భుజం మీద తొడుగులు కొన్ని విడిపోయాయి, తనే దువ్వుకుంటున్నాడు, ఇవాళ వీడియోలో చూశాను, తోక ఊగడం తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. తల మీద మొలకలు మాత్రం అలాగే ఉన్నాయి, ఆడది వేరే పంజరంలో ఉంది కదా, వాటిని విప్పేవాళ్ళు లేరు. నేను వేలితో మెల్లగా రుద్దవచ్చా?

గూటిమనిషి
కొన తెల్లగా, ఎండిపోయి, పొడిలా రాలేది ఉంటేనే, అదీ వాడు ఒప్పుకుంటేనే, చాలా మెత్తగా. మొదలు దగ్గర ముదురు రంగులో ఉంటే అందులో ఇంకా రక్తం ఉంది, దాన్ని ముట్టుకోకండి, విరిగితే రక్తం కారుతుంది. చేతిలో పట్టుకుంటే టెన్షన్ పడే పక్షి అయితే అసలు వద్దు, నీళ్ళ స్నానం కూడా ఇప్పుడే కాదు. తోక పూర్తిగా ఆగలేదన్నారు, ఆ సంగతి డాక్టర్‌కి ఈ వారమే చెప్పండి, ఎక్స్‌రే ఇప్పుడు తీయగలరేమో ఆయన్నే అడగండి.